ఒక స్క్రూ బరువు

జూన్ 2, సోమవారం

తాతయ్యకి సాయంగా రెండు వారాలు ఉండి రమ్మని అమ్మ నన్ను పంపేసింది. ఎవరికి ఎవరు సాయమో మా ఇద్దరికీ తెలుసు. ల్యాబులో ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి అమ్మ నా మంచం చుట్టూ రోజుకి నాలుగుసార్లు చీపురు పట్టుకుని ప్రదక్షిణ చేస్తోంది. ఊడవడానికి అక్కడ నేను తప్ప ఇంకేమీ లేదు.

ఇక్కడైనా నిజం రాసుకోవాలి కదా. ల్యాబులో పగిలిన ఆ మైక్రోస్కోపు అద్దానికి ముందే బీట ఉంది. నేను పక్క టేబులు ఆవిడ పేరు చెప్పానంటున్నారు. చెప్పలేదు. ఎవరు చేశారని అడిగినప్పుడు అటువైపు చూశాను, అంతే.

తాతయ్య కొట్టు రెండు మంచాలంత వెడల్పు. గోడల మీద ముప్ఫై ఏడు గడియారాలున్నాయి, ఏ రెండిటికీ పడదు. మేడ మీద పిన్ని కాపురం. నన్ను చూడగానే, "చిక్కిపోయావే" అంది. నేను చిక్కలేదు. మంచం మీద పడుకుని మూడు కిలోలు పెరిగాను.

జూన్ 3

ఈయనకి ఒక పిచ్చి ఉంది. సాయంత్రం కొట్టు కట్టేసేముందు బల్ల కింద నేల మెత్తటి కుంచెతో ఊడిచి, ఆ దుమ్మంతా ఒక బిస్కెట్ డబ్బాలో పోయాలి. డబ్బా మీద ఏ వారమో రాసి ఉంటుంది. వారానికో డబ్బా, ఏడాదికి యాభై రెండు. ఏడాది దాటితేనే పారేస్తాడు. ఇప్పుడా పని నాది. ఇంట్లో చీపురు నుంచి పారిపోయి వచ్చి ఇక్కడ కుంచె పట్టుకున్నాను.

"దుమ్ము దాచుకుంటారా ఎవరైనా?" అన్నాను.

"దుమ్ము కాదే గడుగ్గాయీ, మనం పారేసుకున్నది" అన్నాడు.

పెద్దవాళ్ళు ఇలాంటి మాటలు అనేసి టీ తాగుతారు.

జూన్ 4

ఈరోజు పాఠం. నేను అడగలేదు. అయినా చెప్పాడు.

పాత అలారం గడియారం ఒకటి విప్పి నా ముందు పెట్టాడు. "గడియారమంటే ఏంటో చెప్పు."

"టైము చెప్పేది."

"కాదు. లోపల పెద్ద స్ప్రింగు ఒకటి ఒక్క ఉదుటున విప్పేసుకుందామని తొందరపడుతుంటుంది. దాన్ని ఆగు, వెళ్ళు, ఆగు, వెళ్ళు అని లెక్క తప్పకుండా అదిలించేదే గడియారం."

అదిలించేది ఒక చిన్న చక్రం. బ్యాలెన్స్ చక్రం. దాని ఇరుసుకి వెంట్రుకలాంటి స్ప్రింగు ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంటుంది, హెయిర్‌స్ప్రింగు. చక్రం ఒకవైపు తిరుగుతుంది, స్ప్రింగు వెనక్కి లాగుతుంది. చక్రం మధ్యకి వచ్చి అక్కడ ఆగదు, వచ్చిన ఊపులో రెండోవైపు పోతుంది. మళ్ళీ స్ప్రింగు లాగుతుంది. రోజంతా ఇదే పని. మా పిన్నీ బాబాయీ గుర్తొచ్చారు.

తాతయ్య పక్కనున్న లివరు తీసేసి, చక్రాన్ని కుంచె వెంట్రుకతో గట్టిగా తోశాడు. "పది ఊపులు లెక్కపెట్టు." ఫోనులో చూశాను. ఐదు సెకన్లు. తర్వాత మెల్లగా, తోసీ తోయనట్టు తోశాడు. చక్రం కాస్తే కదిలింది. పది ఊపులు. మళ్ళీ ఐదు సెకన్లే.

నేను నమ్మలేదు. ఇంకో మూడుసార్లు నేనే తోశాను. ఐదు, ఐదు, ఐదు.

"ఎంత దూరం పోతే స్ప్రింగు అంత గట్టిగా లాగుతుంది. దూరం పోయినవాడు పరిగెత్తుకుంటూ వస్తాడు, దగ్గరికి పోయినవాడు తాపీగా నడిచొస్తాడు. ఇద్దరూ ఇంటికి ఒకే టైముకి చేరతారు. అందుకే పొద్దున కీ ఇచ్చినప్పుడూ, సాయంత్రం స్ప్రింగు నీరసించినప్పుడూ వాచీ దాదాపు ఒకేలా నడుస్తుంది."

"మరి ఆగిపోదా?"

"పోతుంది. అందుకే లివరు. చక్రం కింద ఒక చిన్న రాయి ఉంటుంది. చక్రం సరిగ్గా మధ్యలోకి వచ్చినప్పుడు ఆ రాయి లివరుని తట్టి తాళం తీస్తుంది. పళ్ళ చక్రం ఒక్క పన్ను ముందుకి జరిగి, లివరు ద్వారా చక్రానికి ఓ చిన్న తోపు ఇస్తుంది. ఆ తర్వాత దాని జోలికి ఎవరూ పోరు. మధ్యలో తోస్తే టైము చెడదు. చివర్లో తోశావో, మొత్తం పాడు."

మధ్యలో ఒక్క క్షణం తాకి వదిలెయ్యాలి. ఈ సంగతి అమ్మకి ఎవరైనా చెప్తే బావుండు. రోజుకి ఆరుసార్లు ఫోన్ చేస్తోంది.

జూన్ 6

పెద్దాసుపత్రి నర్సు వచ్చింది. గట్టి మనిషి, నవ్వితే షాపు అద్దాలు అదురుతాయి. రుమాల్లో కట్టిన వాచీ తీసింది, వాళ్ళమ్మదట. "మాస్టారూ, నాలుగేళ్ళయింది, ఒకసారి కడిగి పెట్టండి" అంది. పాత చేతి వాచీ, పట్టీ లేదు.

నాలుగేళ్ళ కిందట దీని చక్రాన్ని తాతయ్యే సరిచూశాడట. భూతద్దంలోంచి నాకు చూపించాడు. చక్రం అంచు చుట్టూ గసగసాలంత స్క్రూలు, ఎదురెదురుగా జతలు. ఒక్కో జతా సమానం బరువు ఉండాలట. చూస్తుంటే అందంగానే ఉంది, ఒప్పుకుంటున్నాను.

తాతయ్య చెయ్యి కొంచెం వణుకుతోంది. పట్టకారు కొన గాజు పళ్ళెం మీద టకటకమంటోంది. నేను చూడనట్టు ఉన్నాను. నేను చూడనట్టు ఉన్నానని ఆయన చూడనట్టు ఉన్నాడు.

జూన్ 10, మంగళవారం

ఏమీ జరగలేదు.

జూన్ 11

నిన్న ఏమీ జరగలేదని రాశాను. దాదాపు జరగలేదు.

తాతయ్య భోజనానికి మేడ మీదికి వెళ్ళినప్పుడు నర్సు వాచీ చక్రం గాజు గిన్నె కింద బోర్లించి ఉంది. ఆ స్క్రూలు నిజంగా తిరుగుతాయా, ఊరికే అలంకారమా అని చూద్దామనుకున్నాను. తిరుగుతాయి. ఒకటి బాగానే తిరిగింది. తర్వాత ఎగిరింది.

అరగంట నేలంతా పాకాను. దొరకలేదు. పనికిరాని ముక్కల డబ్బాలో అచ్చం అలాంటిదే ఇంకోటి ఉంది, మర కూడా కుదిరింది. బిగించేశాను. స్క్రూ అంటే స్క్రూనే కదా. గసగసాలంత దానికి బరువేముంటుంది?

సాయంత్రం ఎప్పట్లాగే ఊడ్చి డబ్బాలో పోశాను. తాతయ్య ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

జూన్ 13

మొన్న సాయంత్రం వాచీ బిగించాడు. రోజుకి మూడున్నర నిమిషాలు వెనక పడుతోంది. "కడిగితే వేగం పుంజుకోవాలిగానీ ఇదేంటి" అని తల గోక్కున్నాడు. రెగ్యులేటరు పుల్లని వేగం వైపుకి, దాదాపు చివరిదాకా జరిపాడు. అలా జరిపితే స్ప్రింగు పొట్టిదైనట్టు, బిగువెక్కి చక్రం త్వరగా తిరిగొస్తుంది. సరిపోయింది. బల్ల మీద ఒక రోజంతా పడుకోబెడితే ఒక్క సెకను తేడా లేదు. సాయంత్రం నర్సు వచ్చి తీసుకెళ్ళింది.

చూశావా. ఏమీ జరగలేదు.

జూన్ 16

నర్సు ఈసారి నవ్వలేదు. డ్యూటీ మొదట్లో సరిచేసి పెట్టుకుంటే, పన్నెండు గంటలు తిరిగేసరికి రెండు నిమిషాలు వెనకపడుతోందట. రెండు రోజులు వరసగా బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సు గంటకి.

తాతయ్య బల్ల మీద పడుకోబెట్టి చూశాడు. సరిగ్గా ఉంది. కీ ఉన్న మూడు అంకె వైపు పైకి పెట్టి మేకుకి వేలాడదీశాడు, వేలాడే వాచీ ఏదైనా ఆయన అలాగే చూస్తాడు. అదీ సరిగ్గానే ఉంది.

"దీని తప్పేం లేదమ్మా" అన్నాడు. నర్సు వెళ్ళిపోయింది. ఆయన తన కుడిచేతిని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు.

జూన్ 20, శుక్రవారం

మళ్ళీ వచ్చింది. మళ్ళీ రెండు నిమిషాలు. మూడోసారి బస్సు.

"పెద్దవారు, మీ మీద కోపం కాదు మాస్టారూ. ఇది మా అమ్మ వాచీ కాబట్టి అడుగుతున్నాను. వేరే ఎవరికైనా చూపించమంటారా?"

యాభై రెండేళ్ళలో ఆయన్ని ఆ మాట ఎవరూ అడగలేదట. పిన్ని చెప్పింది. తాతయ్య ఏమన్నాడంటే, "నా చెయ్యి వణికి హెయిర్‌స్ప్రింగు నలిగి ఉంటుంది. నా కంటికి కనపడ్డం లేదు. వారం ఉంచమ్మా."

సాయంత్రం పిన్ని మెట్ల మీద కూర్చుని నాతో అంది: "నాన్న ఈ నెలాఖరుకి కొట్టు మూసేస్తాట్ట. నేను ఏడాదిగా చెప్తూనే ఉన్నాను, వినలేదు. ఇప్పుడు తనంతట తనే అన్నాడు. నాకెందుకో సంతోషంగా లేదే."

స్ప్రింగు నలిగి ఉండొచ్చు. నలిగే ఉంటుంది. ఆయన చెయ్యి నిజంగానే వణుకుతుంది కదా. నేను అబద్ధం ఏం చెప్పాను?

జూన్ 21

ఏమీ జరగలేదు.

జూన్ 23, సోమవారం

చేతి వణుకు చూపించడానికి తాతయ్యని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఆయన చేత గీతలు గీయించి, చుట్టలు గీయించి, "వయసుతో వచ్చేదే, భయం లేదు, సూక్ష్మమైన పని తగ్గించండి" అన్నాడు. యాభై రెండేళ్ళుగా వేరే పని చెయ్యని మనిషికి ఆ మాట చెప్పి మందు రాశాడు.

వరండాలో నర్సు ఎదురైంది. వాళ్ళమ్మ వాచీ మా కొట్లో ఉంది కాబట్టి వేరే ఏదో పాత వాచీ పెట్టుకుంది. చేతికి కాదు. ఛాతీ మీద, పిన్నుతో. పన్నెండు అంకె కిందికి, ఆరు పైకి, తలకిందులుగా వేలాడుతోంది.

"చేతికి ఎందుకు పెట్టుకోరు?" అని అడిగాను.

"రోగుల్ని తాకే చేతులకి ఏమీ ఉండకూడదమ్మాయ్. ఇలా తలకిందులుగా పెట్టుకుంటే పైకెత్తినప్పుడు నాకు తిన్నగా కనిపిస్తుంది. అమ్మ వాచీ కూడా ఇలాగే పెట్టుకుంటా."

తాతయ్య మందుల వరసలో ఉన్నాడు, వినలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "ఊరికే అడుగుతున్నా తాతయ్యా, చక్రంలో ఒక పక్క బరువెక్కువైతే ఏమవుతుంది?" అన్నాను.

"వాచీ పడుకుని ఉంటే ఏమీ కాదు, చక్రం కాస్త నెమ్మదిస్తుంది, అంతే. దాన్ని పుల్లతో సరిచెయ్యొచ్చు. నిలబెడితేనే తంటా. చక్రం ఆగి ఉన్నప్పుడు ఆ బరువు అడుగున ఉందనుకో, పక్కకి జరిగినప్పుడల్లా కిందికి రావాలని చూస్తుంది, ఊయలలా. స్ప్రింగుకి తోడవుతుంది. వాచీ ముందుకి పోతుంది. బరువు పైన ఉంటే, పక్కకి జరిగితే చాలు ఇంకా దొర్లిపోదామని చూస్తుంది. స్ప్రింగుకి ఎదురు. వెనకపడుతుంది. పక్కన ఉంటే అటూ ఇటూ కొట్టుకుపోయి ఏమీ తెలీదు."

"ఎప్పుడూ అంతేనా?"

"ఊపు మరీ పెద్దదైతే లెక్క తిరగబడుతుంది. ముసలి వాచీలకి అంత ఊపెక్కడిది, అటు అరచుట్టు, ఇటు అరచుట్టు." మందుల సంచీ ఒళ్ళో సర్దుకుని, "నర్సు వాచీ గురించా? దానికి ఆ రోగం ఉండదు. నేనే తూచాను. స్క్రూలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి" అన్నాడు.

ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన తన పని మీద ఉన్న నమ్మకంతో మళ్ళీ తూచలేదు. తన చేతి మీద మాత్రం నమ్మకం పోగొట్టుకున్నాడు. అది నా మూలానే.

నేను వేసిన స్క్రూ ఆరు అంకె వైపు ఉంది.

జూన్ 24

వాచీని పన్నెండు కిందికి ఉండేలా మేకుకి వేలాడదీశాను, పొద్దున ఏడింటికి. సాయంత్రం ఏడింటికి రెండు నిమిషాల పది సెకన్లు వెనక.

జూన్ 25

ఈసారి పన్నెండు పైకి. సాయంత్రానికి రెండు నిమిషాల చిల్లర ముందు.

తల ఇటు తిప్పితే వెనక, అటు తిప్పితే ముందు, అంతే తేడా. స్ప్రింగు నలగలేదు. గసగసాలంత దానికి బరువుంది.

జూన్ 26, గురువారం

పొద్దున దిగేసరికి తాతయ్య అట్టముక్క మీద కుంచెతో రాస్తున్నాడు. 'ఈ నెలాఖరుతో కొట్టు మూసివే' దాకా వచ్చాడు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ఆయన రాత ఎంత గుండ్రంగా ఉండేదో డబ్బాల మీద రోజూ చూస్తున్నాను.

"తాతయ్యా, ఒక స్క్రూ పోగొట్టాను" అన్నాను.

"ఏ స్క్రూ?"

చెప్పాను. మొత్తం చెప్పాను. గాజు గిన్నె, ఎగిరింది, పాకింది, ముక్కల డబ్బా, అన్నీ. మేకు లెక్కలు చూపించాను. నర్సు తలకిందులుగా పెట్టుకుంటుందని చెప్పాను. మాట మధ్యలో ముక్కు కారడం మొదలైంది, చీదుకుని మళ్ళీ చెప్పాను. ఆయన కుంచె పట్టుకుని అలాగే ఉన్నాడు. రంగు ఆయన పంచె మీద చుక్కలు చుక్కలుగా కారింది.

చివరికి ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఏ వారం?"

నాకు అర్థం కాలేదు.

"ఏ వారం పోయిందే, దద్దమ్మా! డబ్బా!"

తొమ్మిదో తారీకు వారం డబ్బా. టీ జల్లెడలో పోసి తెల్లకాగితం మీద జల్లించాం. నా వెంట్రుకలు, బిస్కెట్ పొడి, ఒక చచ్చిన చీమ, విరిగిన ముల్లు ముక్క. వాటి మధ్యలో పసుపుపచ్చగా, గసగసాలంత. ఇన్నాళ్ళూ నేను వెటకారం చేసిన డబ్బాలో, నేనే ఊడ్చి పోసింది.

అప్పుడు పేలాడు. జీవితంలో నన్నెవరూ అలా తిట్టలేదు. నన్ను, నా చేతుల్ని, నా చదువుని, నన్ను కన్న మా అమ్మని, తన కూతురే అని గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నన్నే తిట్టాడు. తిడుతూనే మెట్ల దగ్గరికి పోయి మేడ మీదికి అరిచాడు:

"వినపడిందా? నా చెయ్యి కాదు! నీ అక్క కూతురు! నా చెయ్యి కాదు!"

పిన్ని గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, ఎవరో పోయారనుకుని. ఆయన నవ్వుతున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు:

"పదిహేను రోజులు నన్ను ముసలాణ్ణి చేసేశావు కదే."

ఏడ్చాను. పిన్ని గరిటె చేతిలో ఉంచుకునే నన్ను కావలించుకుంది.

జూన్ 27

పని నేనే చేశాను.

ముందు ఆయనే పట్టకారు తీసుకున్నాడు. స్క్రూ దగ్గరికి తీసుకెళ్ళాడు. మూడుసార్లు ప్రయత్నించాడు. పట్టకారు నా చేతిలో పెట్టేశాడు.

"వణుకుడు అబద్ధం కాదు. ఈ తప్పు మాత్రం దానిది కాదు. రెండూ వేరువేరు. కూర్చో."

హెయిర్‌స్ప్రింగు విడదీయించాడు. రెండు సన్నటి అంచులు సమానంగా ఉన్న పనిముట్టు మీద చక్రం ఇరుసుని ఆనించాను. నా స్క్రూతో చక్రం దొర్లి దొర్లి, ప్రతిసారీ ఆ స్క్రూ అడుగుకి వచ్చి ఆగింది. ఎక్కడ వదిలినా అదే. నా స్క్రూ సిగ్గులేకుండా ప్రతిసారీ నన్నే చూపించింది.

అది తీసి, డబ్బాలో దొరికింది బిగించాను. గంటన్నర పట్టింది. ఒకసారి మళ్ళీ ఎగిరింది, ఈసారి తాతయ్య బల్ల చుట్టూ దుప్పటి కట్టి ఉంచాడు కాబట్టి ఒళ్ళో పడింది. చక్రాన్ని అంచుల మీద పెట్టి వదిలాను. కదల్లేదు. పావుచుట్టు తిప్పి వదిలాను. అక్కడే ఉంది. ఎటు వదిలితే అటే.

బిగించాక వాచీ రోజుకి మూడున్నర నిమిషాల లెక్కన ముందుకి పోయింది. నేను కంగారుపడ్డాను. తాతయ్య రెగ్యులేటరు పుల్లని పాత గీత దగ్గరికి జరపమన్నాడు. నాలుగేళ్ళ కిందట తనే గీసిన గీత. అక్కడికి జరిపితే సరిపోయింది.

జూన్ 29

పన్నెండు పైకి, కిందికి, కీ పైకి, కిందికి, నాలుగు వైపులా వేలాడదీశాం. తేడా కొన్ని సెకన్లే.

జూన్ 30, సోమవారం

నర్సు వచ్చింది. తాతయ్య ఆమెని కూర్చోబెట్టి, "మా మనవరాలు చెబుతుంది" అన్నాడు. చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కింది వరకు చూసింది.

"మూడు బస్సులు" అంది.

"అవునండీ."

"ఒకరోజు వానలో."

"అవునండీ."

వాచీ పిన్నుకి తగిలించుకుంది, తలకిందులుగా. చెవికి కాస్త దగ్గరగా ఎత్తి విని, వెళ్ళిపోయింది. షాపు అద్దాలు అదరలేదు, కానీ తలుపు దగ్గర తాతయ్యకి నమస్కారం పెట్టింది.

అట్టముక్క ఇంకా బల్ల కిందే ఉంది, 'మూసివే' దగ్గరే ఆగి. తాతయ్య చింపలేదు, పూర్తి చెయ్యలేదు. సన్నపని నాది, చెవితో విని రోగం చెప్పే పనీ తిట్టేపనీ ఆయనది అని ఒప్పందం కుదిరింది. అమ్మ ఫోన్ చేసి రెండు వారాలు నాలుగయ్యాయేంటి అంది. డబ్బాలు నిండలేదన్నాను.

జూలై 1

పక్క టేబులు ఆవిడకి ఉత్తరం రాశాను. ల్యాబు మేనేజరుకి ఇంకోటి. రెండూ ఒక్కో వాక్యమే అనుకున్నాను, నాలుగు పేజీలయ్యాయి, చింపి మళ్ళీ ఒక్కో వాక్యం రాశాను.

ఆ అద్దానికి ముందు బీట లేదు.

పోస్టు చేసి వచ్చి, నేల ఊడ్చాను.